సీజీపీఏ 6.58 అంటే 60 శాతం ఉన్నట్టా, లేనట్టా?

శ్రావణి_ఈసీఈ

అందరికీ నమస్కారం. నాది జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీ, ఆర్18 రెగ్యులేషన్. 2023లో బీటెక్ అయిపోయింది. ఫైనల్ సీజీపీఏ 6.58. ఇప్పుడొక కంపెనీ ఆఫ్ క్యాంపస్ ఫారం నింపుతున్నాను. పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలని రాశారు. గడిలో శాతం మాత్రమే పడుతోంది, సీజీపీఏ వేస్తే తీసుకోవట్లేదు.

నెట్‌లో దొరికిన క్యాలిక్యులేటర్లలో వేసి చూశాను. ఒకచోట 65.8 వచ్చింది, ఒకచోట 62.51, ఇంకోచోట 60.8, మరోచోట 58.3. ఈ చివరిదే నిజమైతే నాకు అర్హతే లేదు. రిజల్ట్స్ సైట్‌లో సబ్జెక్టువారీగా కనిపించే మార్కులన్నీ నేనే కూడి చూస్తే 63 దాకా తేలింది. వీటిలో ఏది వెయ్యాలి? తప్పు వేస్తే తర్వాత వెరిఫికేషన్‌లో పట్టుకుంటారని భయంగా ఉంది. పదో తరగతిలో రాష్ట్ర బోర్డు, 9.3. దాన్ని ఎలా మార్చాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరిఖని_గణేశ్

చెల్లె, గింత పరేషాన్ ఎందుకు? 9.5తోని గుణించు, అయిపాయె. 62.51. అందరు గట్లనే ఏస్తరు. నేను గూడ గట్లనే ఏసిన, జాబ్ జేస్తున్న. సీబీఎస్‌ఈ వాళ్లు సర్టిఫికెట్ మీదనే 9.5 అని రాసిన్రు. అంటే దేశమంత చెల్లుతదన్నట్టే కద.

పరీక్షల_విభాగం_మాస్టారు

శ్రావణి గారూ, మీరు వెయ్యాల్సింది 60.8. వరంగల్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పరీక్షల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి ఏడాదీ ప్లేస్‌మెంట్ల కాలంలో ఈ ప్రశ్నతో పిల్లలు మా కిటికీ ముందు నిలబడతారు.

గణేశ్, నువ్వు చెప్పిన 9.5 నిజంగానే ఉంది. కానీ అది సీబీఎస్‌ఈ తన పదో తరగతి కోసం పెట్టుకున్న లెక్క. వాళ్లు 2010 నుంచి 2017 వరకు పదిలో మార్కులు ఇవ్వకుండా సీజీపీఏ ఇచ్చారు. 91 నుంచి 100 మధ్య వచ్చినవాళ్ల సగటు దాదాపు 95 దగ్గర ఉందని చూసి, ఆ 95ని 10తో భాగించారు. అలా వచ్చిందే 9.5. సర్టిఫికెట్ మీద కూడా దాన్ని సూచనప్రాయమైన శాతం అనే అన్నారు. ఒక బోర్డు పదో తరగతి లెక్క ఇంకో యూనివర్సిటీ బీటెక్‌కి చెల్లదు. 2018లో సీబీఎస్‌ఈ మళ్లీ మార్కులకు వెళ్లిపోయింది కూడా.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్ల పుస్తకంలో సూత్రం ఇలా ఉంటుంది:

```
Percentage = (CGPA - 0.5) x 10
```

మీ 6.58లోంచి అర తీస్తే 6.08, పదితో గుణిస్తే 60.8. అదే రెగ్యులేషన్లలో ఫస్ట్ క్లాస్ 6.5 దగ్గర మొదలవుతుంది. 6.5కి ఇదే సూత్రం వేస్తే సరిగ్గా 60 వస్తుంది. యూనివర్సిటీ సూత్రం, యూనివర్సిటీ ఇచ్చే క్లాసు రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయా లేదా అని ఇలా చూసుకోవచ్చు. సరిపోకపోతే మీరు చూస్తున్నది మీ రెగ్యులేషన్ సూత్రం కాదు.

శ్రావణి_ఈసీఈ

చాలా థ్యాంక్స్ సార్. కానీ ఒక్క సందేహం. అర ఎందుకు తీసెయ్యాలి? నాకు వచ్చింది ఎందుకు తగ్గించుకోవాలి? నా మార్కులు కూడితే 63 వస్తున్నప్పుడు 60.8 అని వేస్తే నాకే నష్టం కదా.

సెకండియర్_సాయి

నాదీ ఇలాంటి సమస్యే, ఇక్కడే అడుగుతున్నాను. నాకు ఈ సెమిస్టర్‌లో ఏడు సబ్జెక్టులు. గ్రేడ్ పాయింట్లు 9, 8, 7, 9, 10, 10, 8. కూడితే 61, ఏడుతో భాగిస్తే 8.71. మెమోలో మాత్రం ఎస్‌జీపీఏ 8.50 అని ఉంది. ఇది మెమోలో తప్పా? రీకౌంటింగ్‌కి పెట్టాలా?

పరీక్షల_విభాగం_మాస్టారు

సాయి, ఫీజు కట్టకు. మెమో సరిగ్గానే ఉండొచ్చు. ఒక్కో సబ్జెక్టు పక్కన క్రెడిట్లు ఎన్ని ఉన్నాయో రాయి, కూడి చూద్దాం. శ్రావణి గారి ప్రశ్నకు జవాబు కూడా అందులోంచే చెప్తాను.

సెకండియర్_సాయి

మ్యాథ్స్ 4, డేటా స్ట్రక్చర్స్ 4, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ 3, ప్రోగ్రామింగ్ 3, ల్యాబ్‌లు రెండూ 1.5 చొప్పున, చివరి థియరీ 3. పాయింట్లు పైన రాసిన వరుసలోనే.

పరీక్షల_విభాగం_మాస్టారు

మొత్తం 20 క్రెడిట్లు. ఇప్పుడు ఒక్కో సబ్జెక్టు గ్రేడ్ పాయింటుని దాని క్రెడిట్లతో గుణించి కూడాలి.

```
4x9 + 4x8 + 3x7 + 3x9 + 1.5x10 + 1.5x10 + 3x8
= 36 + 32 + 21 + 27 + 15 + 15 + 24 = 170
SGPA = 170 / 20 = 8.50
```

మెమో సరైనదే. నీకు పదికి పది వచ్చినవి రెండూ ల్యాబ్‌లు. వాటి బరువు ఒకటిన్నర క్రెడిట్ చొప్పునే. ఏడు సబ్జెక్టులనూ సమానంగా పట్టుకుని భాగించావు కాబట్టి ల్యాబ్ మార్కులు లెక్కను పైకి లాగేశాయి. నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్‌లో ఒక గ్రేడ్ పెరిగితే ఎస్‌జీపీఏ 0.20 పెరుగుతుంది. ల్యాబ్‌లో ఒక గ్రేడ్ పెరిగితే 0.075 మాత్రమే. ఎక్కడ కష్టపడాలో ఇందులోనే తెలుస్తుంది.

సీజీపీఏకి కూడా ఇదే పద్ధతి. సెమిస్టర్ల ఎస్‌జీపీఏలు కూడి సెమిస్టర్ల సంఖ్యతో భాగించేస్తారు చాలామంది. అన్ని సెమిస్టర్లకూ క్రెడిట్లు సమానంగా ఉంటేనే అది సరిపోతుంది. మొదటి సెమిస్టర్ 18 క్రెడిట్లకు 7.50, రెండోది 20 క్రెడిట్లకు 8.50 అనుకో. మామూలు సగటు 8.00. క్రెడిట్లతో లెక్కిస్తే 305ని 38తో భాగించాలి, 8.03 వస్తుంది. తేడా చిన్నదే కానీ కటాఫ్ పక్కన నిలబడ్డవాళ్లకి అదే చాలు.

ఇప్పుడు శ్రావణి గారి "అర" సంగతి. మా గ్రేడ్ల పట్టిక ఇది:

```
O   90 - 100   10
A+  80 - 89     9
A   70 - 79     8
B+  60 - 69     7
B   50 - 59     6
C   40 - 49     5
F   40 లోపు     0
```

ఒక సబ్జెక్టులో 70 వచ్చినా 79 వచ్చినా గ్రేడు ఏ, పాయింట్లు 8. మెమోలో 8 చూసినవాడికి అసలు మార్కులు తెలియవు. 80 అనుకుంటే తప్పు, ఎందుకంటే 80 వస్తే గ్రేడు ఏ ప్లస్ అయ్యేది. 70 అనుకుంటే పిల్లలకు అన్యాయం. అందుకే మధ్యలో 75 అనుకుంటారు. ఎనిమిదిలోంచి అర తీసి పదితో గుణిస్తే 75. తొమ్మిదికి చేస్తే 85, ఏడుకి 65. మీకు వచ్చినదాంట్లోంచి ఎవరూ ఏమీ కోసుకోవట్లేదు. గ్రేడు అంటే పది మార్కుల వెడల్పున్న గడి, సూత్రం ఆ గడి నడుమ వేలు పెడుతుంది, అంతే. నేరుగా పదితో గుణించడం ఎందుకు తప్పో కూడా ఇదే చెప్తుంది. అలా చేస్తే ప్రతి సబ్జెక్టులోనూ గడి పై అంచు దాటేసినట్టు లెక్క.

సాయి గ్రేడ్లే మళ్లీ తీసుకోండి. ప్రతి సబ్జెక్టులోనూ గడి అడుగున ఉన్న మార్కు వచ్చి ఉంటే, అంటే 80, 70, 60, 80, 90, 90, 70 అయితే, క్రెడిట్ల ప్రకారం అసలు శాతం సరిగ్గా 75. అదే గడి చివర్న 89, 79, 69, 89, 100, 100, 79 వచ్చి ఉంటే 84.15. రెండు మెమోల మీదా ఎస్‌జీపీఏ 8.50 అనే ఉంటుంది. సూత్రం ఇద్దరికీ 80 అంటుంది. మీ మార్కులు కూడితే 63, సూత్రంతో 60.8 రావడంలో వింతేమీ లేదు. మీ మార్కులు చాలా సబ్జెక్టుల్లో గడి పైభాగంలో ఉన్నాయన్నమాట. పైగా మీరు క్రెడిట్లు చూడకుండా కూడి ఉంటే ల్యాబ్ మార్కుల వల్ల కొంత పెరిగి ఉంటుంది.

అయినా 63 వెయ్యకండి. యూనివర్సిటీ మీకు పట్టా ఇచ్చేది సీజీపీఏ మీద. అడిగినవాళ్లకు చూపించగలిగేది రెగ్యులేషన్‌లో ఉన్న సూత్రం ఒక్కటే.

కాకినాడ_కిరణ్

మాస్టారు, మాది జేఎన్‌టీయూ కాకినాడ, ఆర్16. నాకు 6.62. మా రెగ్యులేషన్‌లో తీసేది అర కాదు, ముప్పావు.

```
Percentage = (CGPA - 0.75) x 10
```

అంటే నాకు 58.7. నా 6.62కే హైదరాబాద్ సూత్రం వేస్తే 61.2 వచ్చేది. గడులు అక్కడా ఇక్కడా పదేసి మార్కులే. 70 నుంచి 79 వస్తే మాకూ ఎనిమిదే. అదే చదువు, అవే మార్కులు. వాళ్లు ఫారం నింపుతారు, నేను నింపలేను. ఇదెక్కడి న్యాయం? శ్రావణి గారి క్యాలిక్యులేటర్‌లో 58.3 వచ్చింది కూడా ఈ సూత్రం వల్లే.

పరీక్షల_విభాగం_మాస్టారు

కిరణ్, నువ్వు చెప్పింది నిజం. ఆ ముప్పావు ఏఐసీటీఈ పట్టికలోనూ కనిపిస్తుంది. వాళ్ల పట్టికలో 6.25కి 55 శాతం, 6.75కి 60, 7.25కి 65, 7.75కి 70, 8.25కి 75. ప్రతిచోటా ముప్పావు తీసి పదితో గుణించినట్టే. మీ రెగ్యులేషన్‌లో ఫస్ట్ క్లాస్ 6.75 నుంచి, డిస్టింక్షన్ 7.75 నుంచి. కాబట్టి మీ యూనివర్సిటీ వరకు సూత్రమూ క్లాసులూ పొంతనగానే ఉన్నాయి.

కానీ గడి నడుమ లెక్కతో చూస్తే ఇది కఠినమైన సూత్రమే. 8 పాయింట్లకు 72.5 మాత్రమే ఇస్తోంది. పది మార్కుల గడులకు ఇది ఎందుకు సరైనదో నాకెప్పుడూ ఒప్పుదల కాలేదు. నీ బాధ సబబైనదే. అయితే నీ ఫారంలో నువ్వు 61.2 వెయ్యలేవు. నీ పట్టా మీద ఉన్న యూనివర్సిటీ పేరు వేరు.

అనంతపురం_అమ్మానాన్న

అయ్యా, మా పాప ఆరో తరగతి. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు ఏ2, సైన్సుకు బీ1 ఇచ్చారు. పైన పట్టికలో ఏ2, బీ1 లేవే? ఏ ప్లస్ అంటే ఏ1 అన్నమాటా? మా పాపకి క్రెడిట్లు ఎన్ని ఉంటాయి? స్కూల్లో అడిగితే "బాగానే చదువుతోంది" అంటున్నారు తప్ప మార్కులు చెప్పట్లేదు.

పరీక్షల_విభాగం_మాస్టారు

అమ్మా, ఇక్కడ మాట్లాడుతున్నది ఇంజినీరింగ్ సంగతి. స్కూలు పిల్లలకు క్రెడిట్లు ఉండవు, అన్ని సబ్జెక్టులూ సమానమే. సీబీఎస్‌ఈ పద్ధతి వాడే స్కూలైతే ఏ1 అంటే 91 నుంచి 100, ఏ2 అంటే 81 నుంచి 90, బీ1 అంటే 71 నుంచి 80. రాష్ట్ర సిలబస్ స్కూలైతే హద్దులు కొంచెం మారొచ్చు. ప్రోగ్రెస్ కార్డు వెనకో, లోపలి అట్ట మీదో ఆ పట్టిక అచ్చువేసి ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి. పాప మొన్న బీ1, ఇప్పుడు ఏ2 అయితే ఒక్క మార్కు పెరిగి ఉండొచ్చు, పందొమ్మిది పెరిగి ఉండొచ్చు. అది తెలియాలంటే జవాబు పత్రాలు చూపించమని అడగండి.

హైదరాబాద్_బిట్స్_పాత_విద్యార్థి

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. అక్షరం చూసి పాయింట్లు ఊహించడం చాలా ప్రమాదం. మా బిట్స్ పిలానీలో ఏ అంటే 10. ఐఐటీ మద్రాసులో ఎస్ అంటే 10, ఏ అంటే 9. మాస్టారు పెట్టిన జేఎన్‌టీయూ హైదరాబాద్ పట్టికలో ఏ అంటే 8. మూడు మెమోల మీద ఒకే అక్షరం, మూడు విలువలు. మా తమ్ముడిది జేఎన్‌టీయూ. వాడి మెమోలో అన్నీ ఏలు చూసి మా నాన్న నాతో పోల్చి సంబరపడ్డారు. ఆ సంగతి విడమర్చి చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. మా దగ్గర గ్రేడు క్లాసులో మిగతావాళ్ల మార్కులను బట్టి పడుతుంది. పేపరు బాగా కష్టంగా వచ్చి క్లాసు సగటు తక్కువైతే 60 మార్కులకే మంచి గ్రేడు రావచ్చు. అందరూ దంచేస్తే 85 తెచ్చుకున్నా బీ రావచ్చు. అలాంటి చోట గడి నడుమ మార్కు అనే లెక్కే పనిచెయ్యదు, ఎందుకంటే గడి హద్దులు ప్రతి సబ్జెక్టుకూ ప్రతి సెమిస్టర్‌కూ మారిపోతాయి. నా 7.4ని శాతంలోకి మార్చమంటే నిజానికి మార్చడానికి వెనకాల స్థిరమైన మార్కులే లేవు.

కాకినాడ_కిరణ్

మాకూ అక్షరాలు వేరే. ఓ తర్వాత ఎస్, ఆ తర్వాత ఏ, బీ, సీ, డీ. మా బీ అంటే 7 పాయింట్లు, హైదరాబాద్ బీ అంటే 6. ఇంటర్వ్యూలో ఒకాయన నా మెమో చూసి "బీలు ఎక్కువున్నాయేంటి" అన్నారు. పక్కన పాయింట్లు ఉన్నాయి చూడండి సార్ అన్నాను.

మ్యూనిక్_మురళి

శ్రావణి గారికి నేరుగా పనికిరాకపోవచ్చు కానీ, ఈ దారం చదివి జర్మనీకి అప్లై చేసేవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ మార్కులు తలకిందులు. 1.0 అన్నింటికన్నా మంచిది, 4.0 పాస్ అంచు. మన సీజీపీఏని ఇక్కడికి మార్చడానికి బవేరియన్ సూత్రం సవరించిన రూపంలో వాడతారు.

```
1 + 3 x (Nmax - Nd) / (Nmax - Nmin)
```

Nmax అంటే స్కేలులో గరిష్ఠం, Nd అంటే మనకు వచ్చినది, Nmin అంటే పాస్ కనిష్ఠం. గొడవంతా ఆ పాస్ కనిష్ఠం దగ్గరే. నా సీజీపీఏ 8.12, జేఎన్‌టీయూ హైదరాబాద్. కనిష్ఠం 5 అని పెడితే 2.13 వస్తుంది. 4 అని పెడితే 1.94. ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాకు 4 పెట్టి 1.94 అని రాసిచ్చారు. మన పట్టికలో 4 పాయింట్లు అనే గ్రేడే లేదు, 5 కిందకి పోతే నేరుగా సున్నా. డిగ్రీకి కూడా కనీసం 5.0 సీజీపీఏ కావాలి. కాబట్టి 5 పెట్టడమే సరైనది.

2.5 కటాఫ్ పెట్టే కోర్సులు ఇక్కడ చాలా ఉన్నాయి. కనిష్ఠం 5తో లెక్కిస్తే ఆ 2.5కి మన దగ్గర 7.5 సీజీపీఏ ఉండాలి. 6.58కి 3.05 వస్తుంది.

శ్రావణి_ఈసీఈ

మురళి గారూ, సీజీపీఏ బదులు 60.8 శాతం పెట్టి, కనిష్ఠం 40, గరిష్ఠం 100 పెడితే నాకు 2.96 వస్తోంది. ఇది కొంచెం మెరుగ్గా ఉంది. ఇలా చెయ్యొచ్చా?

మ్యూనిక్_మురళి

లెక్క కరెక్టే. కానీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్న స్కేలుతోనే వాళ్లు లెక్కేస్తారు. మీది సీజీపీఏలో ఉంటే సీజీపీఏతోనే. మీరు రాసిచ్చిన అంకె వాళ్లకు సూచన మాత్రమే, తుది లెక్క వాళ్లే చేసుకుంటారు.

డల్లాస్_పద్మక్క

అమెరికా సంగతి నేను చెప్తాను. ఇక్కడ జీపీఏ 4కి. ఏకి 4, బీకి 3, సీకి 2, డీకి 1. మనవాళ్లు చేసే మొదటి పని సీజీపీఏని పదితో భాగించి నాలుగుతో గుణించడం. శ్రావణికి అలా చేస్తే 2.63 వస్తుంది. అది చూసి ఎంతమంది పిల్లలు అప్లై చెయ్యడమే మానేశారో.

వద్దమ్మా, అలా చెయ్యకండి. ఇక్కడ ఏ గ్రేడు సాధారణంగా 90 దాటినవాళ్లకి ఇస్తారు. మన దగ్గర 70ల్లో ఉన్నా డిస్టింక్షన్ వచ్చేస్తుంది. రెండు చోట్లా మార్కులు వేసే చెయ్యి ఒకటి కాదు, నేరుగా నిష్పత్తి కడితే మనకే దెబ్బ. మార్కుల మూల్యాంకనం చేసే సంస్థలు మన ట్రాన్స్‌క్రిప్ట్ ముందు పెట్టుకుని ఒక్కో సబ్జెక్టుని విడిగా ఇక్కడి గ్రేడుకి మారుస్తాయి, ఆ తర్వాత సగటు కడతాయి. అలా వచ్చే జీపీఏ మామూలుగా నిష్పత్తి లెక్కకంటే ఎక్కువే ఉంటుంది. చాలా యూనివర్సిటీలైతే అసలు మార్చొద్దు, మీ స్కేలులోనే వెయ్యండి అని ఫారంలోనే రాస్తాయి. అప్పుడు 6.58 వేసి, స్కేలు గడిలో 10 వెయ్యాలి. ఆ స్కేలు గడి 4 అనే ఉంచేసి 6.58 వేస్తే ఫారం ఎర్రగా చూపిస్తుంది. దాన్ని పోగొట్టడానికి పిల్లలు 2.63 వేసేస్తున్నారు.

గోదావరిఖని_గణేశ్

మాస్టారు, మీరు చెప్పింది సమజైంది. గని నా కంపెనీల ఎవ్వరు అడగలే. నాది 7.9. ఏ లెక్కతోని చూసినా 60 దాటుతది. గంతకే పట్టించుకోలేదేమో.

వెరిఫికేషన్_డెస్క్_గచ్చిబౌలి

నేను ఉద్యోగంలో చేరేవాళ్ల పత్రాలు సరిచూసే పని చేస్తాను. గణేశ్ గారు చివర్లో అన్నదే అసలు కారణం. అంకె కటాఫ్‌కి చాలా పైన ఉంటే చిన్న తేడాని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 58 నుంచి 63 మధ్య ఉన్నవాళ్లవే మేం కాగితం కాగితం చూసేది.

మా దగ్గర ఫారంలో వేసిన శాతం, కన్సాలిడేటెడ్ మెమోలో సీజీపీఏ, యూనివర్సిటీ రెగ్యులేషన్ ఈ మూడూ పక్కపక్కన పెడతాం. 6.58కి 60.8 వేసి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. 62.51 వేసి ఉంటే అర్హత ఉన్నా కూడా తేడా అని రాయాలి, తర్వాత ఆ అభ్యర్థిని వివరణ అడుగుతారు. అర్హత ఉన్న మనిషి అనవసరంగా అనుమానంలో పడటం చూస్తే బాధేస్తుంది. ఇంకొకటి, 59.6ని 60 చేసి వేసేవాళ్లు ఉంటారు. ఫారంలో దశాంశం తర్వాత రెండు అంకెలు పడుతుంటే రెండూ వెయ్యండి. 60.80 అని వెయ్యండి. రెగ్యులేషన్‌లో సూత్రం ఉన్న పేజీ, మెమోతో కలిపి ఒకే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

శ్రావణి_ఈసీఈ

చాలా మంచిదండీ, అలాగే చేస్తాను. మరి పదో తరగతి 9.3 సంగతి? 9.5తో గుణిస్తే 88.35, పదితో గుణిస్తే 93.

సెకండియర్_సాయి

పదితో గుణించు అక్కా. మా స్కూల్లో అందరూ అలాగే చేశారు.

పరీక్షల_విభాగం_మాస్టారు

సాయి, పదితో గుణించడం ఎందుకు తప్పో పైన చెప్పుకున్నాం, పదో తరగతికీ అదే వర్తిస్తుంది.

పది మెమోలో 9.3 ఎలా వస్తుందో చూడండి. ఆరు సబ్జెక్టులు, క్రెడిట్లు లేవు. రెండింట్లో 10, నాలుగింట్లో 9 వస్తే మొత్తం 56, ఆరుతో భాగిస్తే 9.33. మెమోలో 9.3 అంటారు. ఒక్క సబ్జెక్టులో తప్ప అన్నింట్లో 10 వస్తే 59ని ఆరుతో భాగించి 9.8. అందుకే పదో తరగతిలో 9.9 అనే సీజీపీఏ ఎవరికీ రాలేదు, 9.8 తర్వాత నేరుగా 10. మీ 9.3 వెనక అసలు మార్కులు దాదాపు 84 శాతం నుంచి 93 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. హిందీకి గ్రేడు హద్దులు వేరు కాబట్టి ఒకటి అరా అటూ ఇటూ.

88.35 ఆ రెండు అంచులకీ దాదాపు మధ్యలో పడుతోంది కాబట్టి 93 కంటే అదే నయం. కంపెనీ వాళ్లు ఏదైనా గుణకం చెప్పి ఉంటే దాన్నే వాడండి, లేదా వాళ్ల హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. మీ కటాఫ్ 60 కాబట్టి అర్హతకు ఢోకా లేదు.

డల్లాస్_పద్మక్క

మా మేనకోడలు తెలంగాణలో 2025లో పది రాసింది. దాని మెమోలో సీజీపీఏ లేదు, సబ్జెక్టువారీ మార్కులు, గ్రేడ్లు ఉన్నాయి. ఆంధ్రలో 2022 ఫలితాలే మార్కుల్లో ఇచ్చారు. అంటే మన శ్రావణి వయసువాళ్లే ఈ మార్పిడి బాధ ఎక్కువ పడుతున్నారు.

వెరిఫికేషన్_డెస్క్_గచ్చిబౌలి

పద్మక్క, నా సహోద్యోగి ఒకామె రాష్ట్ర బోర్డు సీజీపీఏ దేనికైనా 9.5 పెట్టాల్సిందే అంటుంది. ఇంకొకాయన సీజీపీఏ ఉంటే శాతం గడి ఖాళీగా ఉంచొచ్చంటాడు. మా ఆఫీసులోనే పది విషయంలో ఇద్దరిదీ ఒక మాట కాదు. బీటెక్ విషయంలో మాత్రం యూనివర్సిటీ సూత్రమే, అందులో ఎవరికీ తేడా లేదు.

కాకినాడ_కిరణ్

అన్నీ చదివాను. నా 58.7 అలాగే ఉంది. మాస్టారు, కంపెనీ ఫారంలో "60 శాతం లేదా 6.5 సీజీపీఏ" అని రాసిన ప్రకటన ఒకటి నిన్న చూశాను. నాది 6.62. అప్పుడు నేను అర్హుణ్నేనా, లేక మా సూత్రంతో శాతం చూసి తీసేస్తారా?

పరీక్షల_విభాగం_మాస్టారు

"లేదా" అని ఉంటే రెండింట్లో ఏదో ఒకటి చాలు. నీ 6.62 ఆ 6.5ని దాటింది. నువ్వు శాతం గడిలో 58.7, సీజీపీఏ గడిలో 6.62 రెండూ నిజమైనవే వెయ్యి. శాతం ఒక్కటే అడిగే ఫారం అయితే మీ కాలేజీ నుంచి మార్పిడి సర్టిఫికెట్ తీసుకుని జతచెయ్యి. అది 58.7 అనే చెప్తుంది కానీ, వెనక సీజీపీఏ 6.62 అని కూడా కనపడుతుంది. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, గడువు అయ్యాక పేజీ తీసేస్తారు.

కాకినాడ_కిరణ్

సరే మాస్టారు, ఇప్పుడే తీసుకున్నాను. గడువు శుక్రవారం. సర్టిఫికెట్ కోసం రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్తాను.